రెజ్యూమేను నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి: తప్పు ఎక్కడ పుడుతుందో అక్కడే తెలుస్తుంది

అందరికీ నమస్కారం. రెజ్యూమేలో ఏం రాయాలి, ఎంత రాయాలి అన్నది ఈ పూట నా విషయం కాదు. మీరు రాసింది రాసినట్టుగా అవతలికి చేరుతోందా లేదా? ఆ ఒక్క సంగతే మాట్లాడతాను. ఉద్యోగ దరఖాస్తు సైట్లలో ఫైలు అప్‌లోడ్ చేయగానే ఫారంలోని గళ్లు వాటంతటవే నిండిపోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. పేరు, ఫోను, పనిచేసిన కంపెనీలు, తేదీలు అన్నీ వచ్చి కూర్చుంటాయి. ఆ గళ్లను నింపే ప్రోగ్రామునే పార్సర్ అంటాం. ఒక్కోసారి కంపెనీ పేరు ఉండవలసిన గడిలో హోదా ఉంటుంది. ఇంటిపేరు గడిలో డిగ్రీ ఉంటుంది. ఒక ఉద్యోగం అసలే కనిపించదు. అప్పుడు మనం ఏం చేస్తాం? ఆ గడిని చేత్తో దిద్ది ముందుకు వెళతాం. తర్వాతి దరఖాస్తులో మళ్లీ అదే తప్పు, మళ్లీ అదే దిద్దుబాటు. ఆ తప్పు ఎందుకు వస్తోందో మాత్రం చూడం. అసలు చూడవలసింది దాన్నే.

పార్సర్ చేసే పని రెండు అంచెల్లో జరుగుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మిగతా ప్రసంగమంతా దీని మీదే నడుస్తుంది. మొదటి అంచెలో అది మీ ఫైలులోంచి అక్షరాలను మాత్రమే బయటికి తీస్తుంది. రంగులు, గీతలు, బొమ్మలు, పక్కపక్క నిలువు వరుసలు అన్నీ పోయి, పైనుంచి కిందికి ఒకే అక్షరాల ధార మిగులుతుంది. రెండో అంచెలో ఆ ధారను చదివి, ఇది శీర్షిక, ఇది కంపెనీ, ఇది తేదీ అని నిర్ణయించి గళ్లలో పంచుతుంది. మరి తప్పు మొదటి అంచెలో పుట్టిందా, రెండో అంచెలోనా? అది తెలియకుండా ఎలా దిద్దుతాం? మొదటి అంచెను మన కళ్లతో చూడడానికే ఈ నోట్‌ప్యాడ్ పరీక్ష. నోట్‌ప్యాడ్‌లోనే గందరగోళంగా ఉంటే దోషం మీ పేజీ అమరికలో ఉంది. నోట్‌ప్యాడ్‌లో శుభ్రంగా ఉండి ఫారంలో తప్పు పడితే దోషం మీరు రాసిన తీరులో, వరుసలో ఉంది. రెండింటికీ మందు వేరు.

పరీక్ష ఎలా చేయాలో చెబుతాను. మీరు పంపబోయే ఫైలునే తెరవండి. ఇది చాలామంది తప్పే చోటు. పంపేది పీడీఎఫ్ అయితే పీడీఎఫ్‌నే పరీక్షించాలి, దాన్ని తయారుచేసిన వర్డ్ ఫైలును కాదు. ఆ రెండింటిలోంచి వచ్చే అక్షరాల వరుస ఒకటే కానక్కర్లేదు. తెరిచి, Ctrl+A నొక్కి మొత్తం ఎంచుకుని, Ctrl+C తో కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో Ctrl+V తో పేస్ట్ చేయండి. మ్యాక్ వాడేవారు టెక్స్ట్‌ఎడిట్ తెరిచి ముందు Format మెనూలో Make Plain Text ఎంచుకోవాలి. లేకపోతే అది అలంకరణలన్నీ అలాగే ఉంచేస్తుంది, పరీక్ష పరీక్షే కాదు. పేస్ట్ చేస్తే ఏమీ రాలేదా? అయితే మీ పీడీఎఫ్‌లో అక్షరాలు లేవు, పేజీ ఫొటో మాత్రమే ఉంది. స్కాన్ చేసినవి, కొన్ని డిజైన్ ప్రోగ్రాముల్లో బొమ్మగా ఎగుమతి చేసినవి ఇలా ఉంటాయి. అప్పుడు మిగతా దిద్దుబాట్ల మాటే లేదు, ఫైలును మళ్లీ అక్షరాలతో తయారుచేయాలి.

సరే, ఏదో వచ్చింది అనుకుందాం. మొట్టమొదట ఎక్కడ చూడాలి? పైన. మీ పేరు, ఫోను, ఈమెయిలు. ఇక్కడ తప్పు పడితే మీకు కబురు పెట్టడానికే దారి ఉండదు, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. వర్డ్‌లో చాలామంది ఈ వివరాలను పేజీ హెడర్‌లో పెడతారు, ప్రతి పేజీ మీదా వస్తాయని. వర్డ్ ఫైలు లోపల హెడర్ అనేది అసలు పాఠంతో కలిసి ఉండదు, విడిగా వేరే భాగంలో భద్రమవుతుంది. అందుకే వర్డ్‌లో Ctrl+A నొక్కినప్పుడు హెడర్ ఎంపికలోకి రాదు. వర్డ్ ఫైలును పేస్ట్ చేసినప్పుడు నోట్‌ప్యాడ్‌లో మీ పేరు లేకుండా, నేరుగా పరిచయ వాక్యాలతో మొదలైతే కారణం ఇదే. పార్సర్లలో హెడర్‌ను చదివేవీ ఉన్నాయి, వదిలేసేవీ ఉన్నాయి. అవతల ఏది ఉందో మీకు తెలియదు కదా? పేరునూ నంబరునూ హెడర్‌లోంచి తీసి, పేజీ పాఠంలో మొదటి పంక్తులుగా పెట్టండి. చూడడానికి తేడా రాదు. టెక్స్ట్ బాక్సుల సంగతీ ఇంతే. అందులోని మాటలు కాపీలో జారిపోతుంటాయి.

ఇప్పుడు ఈమెయిలు పంక్తిని దగ్గరగా చూడండి. ఫోను పక్కన చిన్న ఫోను బొమ్మ, ఈమెయిలు పక్కన కవరు బొమ్మ పెట్టడం ఇప్పుడు మామూలైంది. చాలాసార్లు అవి నిజానికి బొమ్మలు కావు, ఒక ప్రత్యేకమైన ఫాంటులోని అక్షరాలు. పేస్ట్ చేసినప్పుడు వాటి చోట ఖాళీ పెట్టె వస్తుంది, కొన్ని ఫాంట్లయితే ఒక నక్షత్రం గుర్తో, బ్రాకెట్టో వస్తుంది. అది పక్కన విడిగా పడితే పెద్ద నష్టం లేదు. ఈమెయిలుకు ఆనుకుని, మధ్య ఖాళీ లేకుండా పడిందా? అప్పుడు చిరునామా మొదటి అక్షరమే ఆ గుర్తు అయిపోతుంది. ఆ చిరునామాకు పంపిన ఉత్తరం మీకు చేరదు. బొమ్మ తీసేసి Email అని మాటలో రాయండి. ఇంకొకటి. ఈమెయిలు చిరునామా బదులు 'నాకు రాయండి' వంటి మాట పెట్టి, దాని వెనక లింకు దాచే అలవాటు ఒకటుంది. సాదా టెక్స్ట్‌లో ఆ మాట మిగులుతుంది, లింకు పోతుంది. చిరునామాను చిరునామాగానే, పూర్తిగా కనబడేలా రాయండి. మీ ప్రొఫైల్ పేజీ లింకులకూ ఇదే వర్తిస్తుంది.

ఇక అసలు చిక్కు దగ్గరికి వద్దాం, రెండు నిలువు వరుసల రెజ్యూమే. ఎడమవైపు సన్నటి పట్టీలో నైపుణ్యాలు, కుడివైపు వెడల్పులో ఉద్యోగాలు. కళ్లకు చాలా బాగుంటుంది. తెర మీద పెట్టినది ఒక అకౌంటెంట్ రెజ్యూమే మచ్చు, నేనే తయారుచేశాను. దాన్ని పేస్ట్ చేస్తే వచ్చినదాంట్లో ఒక ముక్క ఇది. వెనక వరుసల వారికి కనిపిస్తోందా?

```
SKILLS EXPERIENCE
Excel Senior Accountant
SQL First Company
Payroll June 2021 - Present
```

మనిషి కన్ను ఎడమ పట్టీని వేరుగా, కుడి పట్టీని వేరుగా చదువుతుంది. ఇక్కడ మాత్రం ఎడమ నుంచి కుడికి పేజీ అడ్డంగా చదివేశారు. పార్సర్ స్థానంలో కూర్చుని ఒక్కసారి దీన్ని చదవండి. మొదటి పంక్తిలో రెండు శీర్షికలు కలిసిపోయాయి, కాబట్టి ఇక్కడ ఏ విభాగం మొదలవుతుందో తేలదు. హోదా ఏమిటి? 'ఎక్సెల్ సీనియర్ అకౌంటెంట్'. కంపెనీ పేరేమిటి? 'ఎస్‌క్యూఎల్ ఫస్ట్ కంపెనీ'. అలాంటి కంపెనీ ఎక్కడా లేదు. నైపుణ్యాల గడి ఖాళీ. మూడు నైపుణ్యాలూ పేజీ మీద ఉన్నాయి, మూడూ ఉద్యోగ వివరాల్లో కలిసిపోయాయి.

ఇలా ఎందుకు జరుగుతుంది? పీడీఎఫ్‌లో మామూలుగా ఉండేది, ఈ అక్షరాన్ని పేజీలో ఈ చోట గీయి అన్న సూచన. ఇది ఎడమ వరుస, ఇది కుడి వరుస అన్న సమాచారం దానికి విడిగా జోడిస్తే తప్ప ఉండదు. కాబట్టి చదివే ప్రోగ్రాము రెండు పద్ధతుల్లో ఏదో ఒకటి ఎంచుకుంటుంది. అక్షరాలు ఫైలులో రాసి ఉన్న క్రమంలో తీసుకోవడం ఒకటి. పేజీ మీద వాటి స్థానాలు చూసి వరుసను ఊహించడం మరొకటి. అందువల్లే ఒకే పీడీఎఫ్ ఒక ప్రోగ్రాములో బాగా పేస్ట్ అవుతుంది, ఇంకో దాంట్లో చెదిరిపోతుంది. కనుక ఒక్క ప్రోగ్రాముతో ఆగకండి. బ్రౌజరులో తెరిచి ఒకసారి, పీడీఎఫ్ చదివే మరో ప్రోగ్రాములో తెరిచి ఒకసారి పేస్ట్ చేయండి. కమాండ్ లైన్ అలవాటున్న వారికి పాప్లర్ అనే ఉచిత ఉపకరణాల పెట్టెలో ఈ పని చేసేది ఒకటుంది:

```
pdftotext resume.pdf a.txt
pdftotext -raw resume.pdf b.txt
```

మొదటి ఆదేశం చదివే వరుసను ఊహించి ఇస్తుంది. రెండోది ఫైలులో ఉన్న క్రమంలోనే ఇస్తుంది. రెండు ఫైళ్లూ ఒకే వరుసలో వస్తే మీ అమరిక ఊహల మీద ఆధారపడి లేదని అర్థం. తేడా వస్తే, అవతలి పార్సర్ ఏ పద్ధతి వాడితే ఆ ఫలితం వస్తుంది.

దీనికి దిద్దుబాటు ఒక్కటే, నేను మొహమాటం లేకుండా చెబుతాను. రెండు వరుసలను ఒక వరుస చేయండి. పట్టీ వెడల్పు తగ్గించడం, మధ్య గీత తీసేయడం వంటివి పనిచేయవు, ఎందుకంటే అక్షరాలు ఇంకా పక్కపక్కనే ఉన్నాయి. నైపుణ్యాలను కిందికో పైకో జరిపి, సొంత శీర్షిక కింద ఒక పంక్తిగా రాయండి. మార్చిన తర్వాత మన మచ్చు ఇలా పేస్ట్ అవుతుంది:

```
EXPERIENCE
Senior Accountant
First Company
June 2021 - Present

Accountant
First Company
July 2018 - May 2021

SKILLS
Excel, SQL, Payroll
```

తేదీలు కుడి అంచున ఉండాలని కొందరికి ఉంటుంది. ఉండవచ్చు, తప్పేమీ లేదు. దాని కోసం తేదీలకు వేరే వరుసో, టెక్స్ట్ బాక్సో పెట్టకండి. అలా చేస్తే నోట్‌ప్యాడ్‌లో ఉద్యోగాలన్నీ ముందు వచ్చి, తేదీలన్నీ అడుగున ఒక కుప్పగా పడే ప్రమాదం ఉంది. అప్పుడు ఏ తేదీ ఏ ఉద్యోగానిదో ఎవరు చెప్పగలరు? కంపెనీ పేరు ఉన్న పంక్తిలోనే, వర్డ్‌లో కుడి అంచున ఒక Right రకం ట్యాబ్ స్టాప్ పెట్టి, Tab మీటతో తేదీని అక్కడికి పంపండి. స్పేస్ బార్ పదేపదే నొక్కి జరపడం కూడా వద్దు.

ఇదే మచ్చులో ఇంకో సంగతి గమనించారా? First Company అన్నది రెండుసార్లు రాశాను. ఒకే కంపెనీలో పదోన్నతి వచ్చినప్పుడు మనం కంపెనీ పేరు పైన ఒకసారి రాసి, కింద రెండు హోదాలూ పేర్చుతాం. మనిషికి అది సహజంగా ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో కూడా అది చక్కగానే పేస్ట్ అవుతుంది. అయినా ఫారంలో రెండో ఉద్యోగానికి కంపెనీ గడి ఖాళీగా రావచ్చు, లేదా పైన ఉన్న బులెట్ వాక్యం ముక్క అందులో పడవచ్చు. ఎందుకంటే రెండో హోదాకు దగ్గరలో కంపెనీ పేరు లేదు. ఇది రెండో అంచె తప్పు. అమరిక మారిస్తే పోదు. కంపెనీ పేరును రెండోసారి రాస్తే చాలా వరకు పోతుంది. తప్పు ఏ అంచెది అని మొదట అడిగింది ఇందుకే.

రెండో అంచెకు వెళ్లే ముందు, నోట్‌ప్యాడ్‌లో కంటికి కనబడని తప్పు ఒకటుంది. ఇది నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది, ఎందుకంటే చూసి 'అంతా బాగుంది' అనుకుని వదిలేస్తాం. ఇంగ్లిష్‌లో ఎఫ్, ఐ పక్కపక్కన వస్తే కొన్ని ఫాంట్లు ఆ రెండింటినీ కలిపి ఒకే ఆకారంగా అచ్చు వేస్తాయి. పేస్ట్ చేసినప్పుడు కూడా అవి ఒకే అక్షరంగా రావచ్చు. certified అన్న మాట కనిపిస్తుంది, కంటికి తేడా తెలియదు. దాని లోపల మాత్రం ఆ రెండక్షరాల చోట మరో అక్షరం ఉంది. ఆ మాట కోసం వెతికే ప్రోగ్రాముకు అది దొరకకపోవచ్చు. ఎలా కనిపెట్టాలి? నోట్‌ప్యాడ్‌లో Ctrl+F నొక్కి, certified అని మీ చేత్తో టైప్ చేసి వెతకండి. ఎదురుగా ఉన్న మాట దొరకలేదంటే చిక్కు ఇదే. లేదా కర్సరును ఆ మాటలో పెట్టి బాణం మీటతో ఒక్కొక్క అక్షరం జరపండి, ఆ రెండక్షరాలనూ ఒక్క అడుగులో దాటేస్తుంది. వర్డ్ వాడేవారు Font పెట్టెలో Advanced లోకి వెళ్లి Ligatures ను None చేయండి, లేదా ఫాంటు మార్చండి. మీ వృత్తికి ముఖ్యమైన ఓ అయిదారు మాటలను ఇలా వెతికి చూసుకోండి. పంక్తి చివర హైఫన్‌తో విరిగిన మాటలు కూడా ఈ వెతుకులాటలోనే బయటపడతాయి.

శీర్షికల అక్షరాల మధ్య ఎడం పెట్టేవారికి ఒక్క మాట. E X P E R I E N C E అని అక్షరానికో ఖాళీతో పేస్ట్ అయితే అది శీర్షిక కాదు, పది విడి అక్షరాలు. ఎడం తీసేయండి.

ఇప్పుడు రెండో అంచె. నోట్‌ప్యాడ్‌లో అంతా శుభ్రంగా వచ్చింది, వరుస సరిగ్గా ఉంది. ఇప్పుడు ఏదైనా దరఖాస్తు ఫారంలో ఫైలు అప్‌లోడ్ చేసి, గళ్లు నిండాక, పంపే మీట నొక్కకుండా ఒక్కో గడినీ నోట్‌ప్యాడ్‌తో పక్కపక్కన పెట్టి చూడండి. ఇంటిపేరు గడిలో MBA అని వచ్చిందా? పేరు పక్కన కామా పెట్టి డిగ్రీ రాశారు, అందుకని. పేరును పంక్తిలో ఒంటరిగా ఉంచి, డిగ్రీని కింది పంక్తికి దించండి. ఒక ఉద్యోగంలో హోదా ముందు, ఇంకో ఉద్యోగంలో కంపెనీ ముందు రాశారా? అలా రాస్తే ఆ రెండు గళ్లూ తారుమారు కావచ్చు. ఏదో ఒక వరుస ఎంచుకుని అన్ని ఉద్యోగాలకూ అదే పాటించండి. ఉద్యోగాల భాగం మొత్తం మాయమైందా? శీర్షిక చూడండి. 'నా ప్రయాణం' వంటి అందమైన పేరు పెట్టి ఉంటారు. Experience అనో Work Experience అనో రాస్తే పార్సర్ గుర్తుపడుతుంది.

తేదీల దగ్గర రెండు చిక్కులు. ఒట్టి సంవత్సరాలే రాస్తే, 2018 - 2021 అని, నెల గడిని అది ఖాళీగా వదలవచ్చు లేదా తనకు తోచిన నెల నింపవచ్చు. అలా నింపితే ఉద్యోగాల మధ్య లేని విరామం కనిపిస్తుంది, లేదా ఉన్న అనుభవం కొన్ని నెలలు తగ్గుతుంది. ఇక 03/04/2021 అని రాస్తే అది మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా? కొన్ని దేశాల్లో నెల ముందు రాస్తారు, కొన్నింట్లో రోజు ముందు రాస్తారు. నెలను అంకెల్లో కాక అక్షరాల్లో రాయండి, April 2021 అని. ఇంకెవరూ ఊహించే పని ఉండదు.

ఇక్కడ ముందు వరుసలోంచి ఒకరు అడుగుతున్నారు: నోట్‌ప్యాడ్‌లో బాగా వస్తే అన్ని సైట్లలోనూ బాగా నిండుతుందా? నిండదండీ, ఆ హామీ నేను ఇవ్వలేను. పార్సర్లు ఎన్నో రకాలు, ఒక్కొక్కటి రెండో అంచెను తన పద్ధతిలో చేస్తుంది. కొన్ని పేజీ అమరికను కూడా గమనించి రెండు వరుసలనూ సరిగ్గానే విడదీస్తాయి. నోట్‌ప్యాడ్ మీకు చెప్పేది ఇంతే: పేరు లేదు, వరుస తప్పింది, మాట దొరకడం లేదు అన్న తప్పులు ఉన్నాయా లేవా అని. నోట్‌ప్యాడ్‌లో తప్పున్నది ఎక్కడో ఒకచోట సరిగ్గా నిండవచ్చు గానీ, దాన్ని నమ్ముకోలేం.

మరొకరు అడిగారు, తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో ఉద్యోగ ప్రకటనలోని మాటలన్నీ రాసి పెట్టవచ్చా అని. వద్దు. నోట్‌ప్యాడ్‌లో రంగు ఉండదని ముందే చెప్పాను కదా. మీరు దాచిన పంక్తులు అక్కడ మిగతా వాటిలాగే నల్లగా కనిపిస్తాయి. అవతల నియామకాలు చూసే మనిషి తెరిచే పేజీలో కూడా ఒక్కోసారి ఇలా తీసిన పాఠమే ఉంటుంది, అక్కడా అలాగే కనిపిస్తాయి. చేయని పనిని చేసినట్టు చూపడం అవుతుంది.

చివరిగా ఒక పద్ధతి చెప్పి ఆపుతాను. ఫారంలో గడి తప్పు పడితే ఆ గడిని అక్కడ చేత్తో దిద్దండి, ఆ దరఖాస్తుకు అది తప్పదు. వెంటనే అసలు ఫైలులో దానికి కారణమైన పంక్తిని కూడా దిద్ది, పీడీఎఫ్ మళ్లీ తయారుచేసి, మళ్లీ పేస్ట్ చేయండి. ఒకేసారి నాలుగు మార్పులు చేయకండి, ఏ మార్పుతో ఏ గడి కుదిరిందో తెలియదు. ఒకటి మార్చడం, పేస్ట్ చేయడం, చూడడం. ఇప్పుడు మీ ల్యాప్‌టాప్‌లు తెరవండి. ఎవరి ఫైలు వారు పేస్ట్ చేయండి, పైన మీ పేరు ఉందో లేదో ముందు చూడండి. లేనివారు చేయి ఎత్తితే నేను వచ్చి చూస్తాను.